తప్పెక్కడో చెప్పే చింతగింజలు

ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపుకో, సెలవుల్లో సొంత ఊరి బడికో వెళ్లి పిల్లలకి ఏదైనా నేర్పాలనుకునే ఫ్రెండ్స్ కోసం ఈ పాఠం రాస్తున్నాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. 2016 అక్టోబర్ దాకా ఈ మూడూ పాత వరంగల్ జిల్లాలోనే ఉండేవి. మన క్లాసులో కూడా అటువైపు ఊళ్ల వాళ్లు చాలామందే ఉంటారు. "నువ్వు కంప్యూటర్ సైన్స్ కదా, మా పిల్లలకి కొంచెం చెప్పు" అని బడిలో సార్ అడిగితే, మనం ముందు చూసేది అక్కడ కంప్యూటర్ ఉందా లేదా అని. ఒక మానిటర్ ఉన్నా నలభై మంది పిల్లలకి అది సరిపోదు. కరెంటు పోతే అదీ లేదు. అలాంటప్పుడు ఏం చెప్పాలి?

దీనికి జవాబు ఎప్పుడో ఉంది. న్యూజిలాండ్‌లో టిమ్ బెల్, ఇయాన్ విటెన్, వాళ్లతో పాటు మైక్ ఫెలోస్ అనే ముగ్గురు కంప్యూటర్ సైంటిస్టులు 1990లలో "కంప్యూటర్ సైన్స్ అన్‌ప్లగ్డ్" పేరుతో కొన్ని ఆటలు తయారు చేశారు. అట్టముక్కలు, తాళ్లు, సుద్దగీతలతో ఆడే ఆటలివి. కంప్యూటర్‌ని ముట్టుకోకుండా, దాని లోపల ఉన్న ఆలోచనని మాత్రం పట్టుకోవడమే వీటి పని. మన దేశంలో ఏసీఎం ఇండియా 2016లో మొదలుపెట్టిన సీఎస్‌పాఠశాల కూడా ఇదే దారిలో బడులకి పాఠాలు తయారు చేస్తోంది.

ఆ ఆటలు చాలా ఉన్నాయి. నేను ఇక్కడ ఒక్కదాన్నే తీసుకుంటున్నాను, కానీ చివరిదాకా తీసుకెళ్తాను. ఎందుకంటే ఇలాంటి ఆటలతో ఒక ప్రమాదం ఉంది. పిల్లలు నవ్వుతారు, చప్పట్లు కొడతారు, మనం ఫొటో దిగి వచ్చేస్తాం. తీరా చూస్తే వాళ్లు నేర్చుకుంది ఒక మ్యాజిక్ మాత్రమే. మ్యాజిక్ ఎక్కడ ఆగి పాఠం ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే ఒక ఆటని అడుగు వరకూ చూడాలి. ఈ పాఠం 6, 7, 8 తరగతులకి. 45 నిమిషాల పీరియడ్లు రెండు చాలు.

ఏమేం కావాలి

పాత నోట్‌బుక్ అట్టల నుంచి అరచెయ్యంత చదరపు ముక్కలు 36 కత్తిరించండి. ఒక పక్క నల్లగా రంగు వేయండి, ఇంకో పక్క తెల్లకాగితం అతికించండి. ఇవి అందరికీ చూపించడానికి.

పిల్లల చేతికి మాత్రం చింతగింజలు ఇవ్వండి. అష్టాచెమ్మా, పచ్చీసు ఆడేవాళ్ల ఇళ్లల్లో ఇవి ఎలాగూ ఉంటాయి. గింజని బండ మీద ఒక పక్క అరగదీస్తే లోపలి తెలుపు బయటపడుతుంది, ఇంకో పక్క నల్లగానే ఉంటుంది. గింజ పడితే నలుపు, లేదంటే తెలుపు, మూడోది లేదు. మనం డిజిటల్ ఎలక్ట్రానిక్స్‌లో బిట్ అని చదివింది అచ్చంగా ఇదే. ఇద్దరికి 25 గింజలు లెక్కేసుకుంటే, ముప్పై మంది క్లాసుకి 375 గింజలు కావాలి. రెండు రోజుల ముందే చెబితే పిల్లలే అరగదీసి తెస్తారు. వరండాలో గాలికి అట్టలు ఎగిరిపోతాయి కానీ గింజలు కదలవు, అదొక లాభం.

మొదటి పీరియడ్: ముందు మ్యాజిక్

ఒక అమ్మాయిని పిలిచి, 25 అట్టల్ని ఐదు అడ్డు వరుసలు, ఐదు నిలువు వరుసలుగా తనకి నచ్చినట్టు నేల మీద పేర్చమనండి. ఏది నలుపో, ఏది తెలుపో పూర్తిగా తన ఇష్టం. పేర్చాక, "ఇది మరీ ఈజీగా ఉంది, ఇంకొంచెం కష్టం చేద్దాం" అంటూ మీరు కుడి పక్కన ఒక నిలువు వరుస, కింద ఒక అడ్డు వరుస కలపండి. చూసేవాళ్లకి మీరు ఊరికే పెడుతున్నట్టు అనిపించాలి. కానీ మీరు పెట్టేది ఒక లెక్క ప్రకారం: ప్రతి అడ్డు వరుసలో, ప్రతి నిలువు వరుసలో నల్ల అట్టల సంఖ్య సరి సంఖ్య అయ్యేలా.

ఇప్పుడు మీరు గోడ వైపు తిరగండి. ఎవరో ఒకరు వచ్చి ఒకే ఒక్క అట్టని తిరగేస్తారు. మీరు వెనక్కి తిరిగి, వరుసలు చూసుకుంటూ వెళ్తే ఒక అడ్డు వరుసలో నలుపులు బేసిగా కనిపిస్తాయి, ఒక నిలువు వరుసలో కూడా. ఆ రెండూ కలిసే చోట ఉన్న అట్టే తిరగేసింది.

మొదటిసారి చెప్పగానే వచ్చే మాట ఇదే: "అన్నా, నువ్వు దొంగతనంగ చూసినవ్!" రెండోసారి చెప్తే, "అన్నకి అన్నీ గుర్తున్నయ్." ఈ రెండో మాటని తేలిగ్గా తీసేయొద్దు. అది మంచి అనుమానం. 36 అట్టల్ని గుర్తుపెట్టుకున్నారా లేక ఇంకేదైనా ఉందా అన్నది తేల్చాలి కదా. తేల్చే పద్ధతి ఒకటుంది. ఒక పిల్లాడిని వరండాలోకి తీసుకెళ్లి రహస్యం అతని చెవిలో మాత్రమే చెప్పండి. అతను బయట ఉండగానే లోపల అట్టలు పేర్చి, మీరు కాపలా వరుసలు కలిపి, ఒకటి తిరగేయించి, అప్పుడు లోపలికి పిలవండి. అసలు మొదటి అమరికని చూడనేలేని వాడు తప్పెక్కడో చెప్పేస్తాడు. ఇక జ్ఞాపకశక్తి అన్న మాట పోతుంది. సమాధానం మనిషి తలలో లేదు, నేల మీద ఉన్న అట్టల్లోనే ఉంది అని క్లాసు మొత్తానికి అర్థమవుతుంది. పాఠం ఇక్కడి నుంచి మొదలైనట్టు.

తర్వాత రహస్యం విప్పండి, కానీ మీరు చెప్పొద్దు. "నేను కలిపిన వరుసల్ని గమనించండి. ఒక్కో వరుసలో నల్లవి ఎన్ని ఉన్నాయో పలక మీద రాయండి" అంటే చాలు. 2, 4, 2, 4, 0 అని రాసుకుంటూ పోతే ఎవరో ఒకరు పట్టుకుంటారు.

"సరి, బేసి" అన్న మాటల దగ్గర

ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు "ఈవెన్, ఆడ్" అనేవి ఆలోచించకుండానే వస్తాయి. "బేసి" అన్న మాటకి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగాలి. బడిలో దీనికి ఉల్టా కూడా జరగొచ్చు. తెలుగులో లెక్కలు నేర్చుకుని మధ్యలో ఇంగ్లీష్ మీడియంకి మారిన పిల్లలు ఉంటారు. మహబూబాబాద్ వైపు తండాల్లో ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలు, భూపాలపల్లి వైపు కోయ మాట్లాడే పిల్లలు ఉంటారు. మన పాఠం ఒక్క పదం మీద ఆధారపడితే, ఆ పదం దగ్గరే సగం క్లాసు ఆగిపోతుంది.

అందుకని పదం వద్దు, పని చెప్పండి. "నల్ల గింజల్ని జంటలు కట్టండి. ఒకటి ఒంటరిగా మిగిలిందా?" మిగిలితే కాపలాగా ఒక నల్ల గింజ పెట్టి దానికి జంట ఇవ్వాలి. మిగలకపోతే తెల్ల గింజ పెట్టాలి. ఇంతే రూలు. ఏ భాషలో చెప్పినా, చెప్పకుండా చేతులతో చేసి చూపించినా అర్థమవుతుంది. మనం కలిపే ఈ గింజల్ని నేను "కాపలా గింజలు" అంటాను. మన పుస్తకాల్లో వీటి పేరు పారిటీ బిట్లు.

జంటల పద్ధతికి ఇంకో లాభం కూడా ఉంది. ఒక వరుసలో నలుపు ఒక్కటీ లేకపోతే ఏం పెట్టాలి? "సున్నా సరి సంఖ్యా, బేసి సంఖ్యా" అని అడిగితే క్లాసు రెండుగా చీలిపోతుంది. "ఒంటరిగా ఏదైనా మిగిలిందా" అని అడిగితే మాత్రం అందరూ లేదనే అంటారు. కాబట్టి తెల్ల గింజ.

గింజలతో ఒకటి చేసి చూద్దాం

ఇప్పుడు ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి గింజలు ఇవ్వండి. 16 గింజలు నాలుగు వరుసలుగా పేర్చి, తొమ్మిది కాపలా గింజలు కలపాలి. ఒక ఉదాహరణ మనమే చేద్దాం. ఒకరు ఇలా పేర్చారనుకోండి:

```
● ○ ● ○
○ ○ ● ○
● ● ● ○
○ ● ○ ○
```

అడ్డు వరుసల్లో నలుపులు వరసగా 2, 1, 3, 1. అంటే మొదటి వరుసకి తెల్ల కాపలా, మిగతా మూడింటికీ నల్ల కాపలా. నిలువు వరుసల్లో 2, 2, 3, 0. మూడోదానికి మాత్రమే నల్ల కాపలా. ఇక కింద కుడి మూల ఒక్కటి మిగిలింది. కుడి పక్క నిలువు వరుస ప్రకారం చూస్తే అక్కడ మూడు నల్ల కాపలాలు ఉన్నాయి, కాబట్టి మూలలో నలుపు రావాలి. కింది అడ్డు వరుస ప్రకారం చూస్తే ఒక్క నల్ల కాపలా ఉంది, అలా చూసినా నలుపే రావాలి.

```
● ○ ● ○ ○
○ ○ ● ○ ●
● ● ● ○ ●
○ ● ○ ○ ●
○ ○ ● ○ ●
```

రెండు లెక్కలూ మూల దగ్గర గొడవపడకుండా ఎలా కలిశాయి? చురుకైన పిల్లలు ఇది తప్పకుండా అడుగుతారు. అడగకపోతే మీరే అడగండి. కుడి పక్క నల్ల కాపలా ఎన్ని ఉన్నాయంటే, ఎన్ని అడ్డు వరుసల్లో ఒంటరి గింజ మిగిలిందో అన్ని. ఆ ఒంటరి గింజలన్నిటినీ మళ్లీ జంటలు కడితే ఒకటి మిగులుతుందా లేదా అన్నది, మొత్తం 16 గింజల్లోని నల్లవాటిని జంటలు కడితే ఒకటి మిగులుతుందా లేదా అన్నదే. నిలువుగా లెక్కపెట్టినా అవే 16 గింజలు. ఇక్కడ నల్లవి మొత్తం ఏడు. ఏడింటిని ఎటు నుంచి లెక్కపెట్టినా ఏడే కాబట్టి రెండు దారులూ మూల దగ్గర ఒకే మాట చెప్తాయి.

ఇప్పుడు మూడో వరుసలో రెండో గింజని తిరగేయండి. ఆ అడ్డు వరుసలో నలుపులు 3, ఆ నిలువు వరుసలో 1. తప్పు దొరికింది. దొరకడమే కాదు, తిరిగి తిప్పేస్తే సరి కూడా అయింది. కాపలా గింజనే తిరగేసినా ఇలాగే దొరుకుతుంది.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది, ముందే తెలుసుకుని ఉండండి. నేల మీద అట్టలతో చేసినప్పుడు వరుసకి ఆరు ఉన్నాయి. నలుపులు సరి అయితే తెలుపులూ సరే. అందుకే ఎవరు ఏ రంగు లెక్కపెట్టినా ఆట నడిచింది. గింజల దగ్గర వరుసకి ఐదే. నలుపులు రెండు ఉంటే తెలుపులు మూడు. ఒక జంటలో ఒకరు నలుపు, ఇంకొకరు తెలుపు లెక్కపెడుతుంటే ప్రతి వరుసా తప్పుగానే కనిపిస్తుంది. "అన్నా, మాకు అన్నీ తప్పులే వస్తున్నయ్" అని ఎవరైనా అంటే వెంటనే అడగాల్సింది ఇదే: "ఏ రంగు లెక్కపెడుతున్నరు?" పంపేవాడు, అందుకునేవాడు ఒకే రూలు ముందే ఒప్పుకోవాలి. దాన్నే మనం నెట్‌వర్క్స్ క్లాసులో ప్రోటోకాల్ అంటాం. ఇక్కడ ఆ మాట అక్కర్లేదు, ఆ ఇబ్బంది పడితే చాలు.

రెండో పీరియడ్: మ్యాజిక్ ఎక్కడ ఓడిపోతుంది

చాలామంది ఆపేసేది పైన చెప్పిన దగ్గరే. నా దృష్టిలో అసలు పాఠం దీని తర్వాత ఉంది. పిల్లలకి ఇప్పుడు సవాలు ఇవ్వండి: "ఈ మ్యాజిక్‌ని ఓడించండి. ఎన్ని గింజలైనా తిప్పండి. మీ జతగాడు కనిపెట్టలేకపోతే మీరు గెలిచినట్టు."

పది నిమిషాలు వదిలేయండి. సాధారణంగా నాలుగు రకాలు బయటపడతాయి. మన ఉదాహరణ మీదే చూద్దాం.

ఒకే అడ్డు వరుసలో రెండు గింజలు తిప్పారనుకోండి, రెండో వరుసలో ఒకటోది, నాలుగోది. ఆ వరుసలో నలుపులు సరిగానే ఉంటాయి. నిలువుగా మాత్రం ఒకటో వరుస, నాలుగో వరుస బేసి అవుతాయి. తప్పు జరిగిందని తెలుస్తోంది, కానీ ఏ అడ్డు వరుసలోనో తెలియదు.

వేరే వేరే వరుసల్లో రెండు తిప్పారనుకోండి, ఒకటో వరుసలో ఒకటోది, మూడో వరుసలో నాలుగోది. ఇప్పుడు రెండు అడ్డు, రెండు నిలువు వరుసలు బేసి. కానీ ఒకటో వరుసలో నాలుగోది, మూడో వరుసలో ఒకటోది తిప్పినా సరిగ్గా ఇవే వరుసలు బేసి అవుతాయి. రెండు జవాబుల్లో ఏది నిజమో చెప్పడానికి ఆధారం లేదు.

మూడోది నాకు బాగా నచ్చిన కేసు. ఒక దీర్ఘచతురస్రానికి మూడు మూలల్లో ఉన్న గింజలు తిప్పండి: ఒకటో వరుసలో ఒకటి, నాలుగు, మూడో వరుసలో ఒకటి. లెక్కపెడితే ఒకే ఒక అడ్డు వరుస బేసి, మూడోది. ఒకే ఒక నిలువు వరుస బేసి, నాలుగోది. రూలు ప్రకారం "మూడో వరుసలో నాలుగో గింజ" అని జతగాడు ధైర్యంగా చెప్పేస్తాడు. అసలు ముట్టుకోనిది ఆ ఒక్క మూలే! పద్ధతి ఇక్కడ తెలియదని చెప్పలేదు. తప్పుని నమ్మకంగా చెప్పింది, పైగా దాన్ని "సరిచేస్తే" నాలుగు గింజలూ తప్పయి కూర్చుంటాయి.

అప్పుడు వచ్చేదే నాలుగోది. నాలుగు మూలలూ తిప్పితే ప్రతి వరుసలో రెండేసి మారాయి, అన్నీ సరిగానే కనిపిస్తాయి. నాలుగు తప్పులు ఉన్నాయి, కాపలా ఒక్కటీ అరవలేదు.

పిల్లలు ఈ నాలుగిటినీ కనిపెట్టాక బోర్డు మీద మూడు ఖానాలు గీయండి: "తప్పు దొరికి సరి అవుతుంది", "తప్పుందని తెలుస్తుంది కానీ ఎక్కడో తెలియదు", "మోసపోతాం". ఒక తప్పు ఎప్పుడూ మొదటి ఖానాలోనే. రెండు తప్పులు ఎప్పుడూ రెండో ఖానాలోనే. మూడు తప్పుల నుంచే మూడో ఖానా మొదలవుతుంది. ఒక పద్ధతి ఎక్కడిదాకా నమ్మదగినదో తేల్చడం అంటే ఇదే, ఒక ఆరో తరగతి పాప దీన్ని గింజలతో చేయగలదు.

ఇది ఊరికే కల్పించిన కష్టం కూడా కాదు. 1940ల చివర్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్‌కి సరిగ్గా ఇదే సమస్య వచ్చింది. శని, ఆదివారాల్లో మనుషులు లేకుండా నడిచే రిలే కంప్యూటర్, తప్పు జరిగిందని కనిపెట్టి ఆ లెక్కని వదిలేసేది. తప్పు ఉందని తెలిసిన మెషీన్, ఎక్కడుందో కూడా కనిపెట్టి తనే ఎందుకు దిద్దుకోకూడదు అన్న చిరాకులోంచి వచ్చిందే 1950లో ఆయన ప్రచురించిన హామింగ్ కోడ్. మన గింజల గడి దానికి అక్క లాంటిది.

బిస్కెట్ ప్యాకెట్ వెనక

"దీంతో ఏం పని?" అనే ప్రశ్నకి జవాబు కిరాణా కొట్టులో ఉంది. పిల్లల్ని ముందురోజే ఖాళీ బిస్కెట్, సబ్బు, టీపొడి ప్యాకెట్లు తెమ్మనండి. బార్‌కోడ్ కింద 13 అంకెలు ఉన్నవి తీసుకోండి. కొన్ని చిన్న ప్యాకెట్ల మీద ఎనిమిదే ఉంటాయి, వాటిని పక్కన పెట్టండి. మన దగ్గర దొరికే వాటిలో ఎక్కువ 890తో మొదలవుతాయి. ఆ నంబర్ ఇచ్చింది ఇండియాలోని సంస్థ అని దానర్థం.

ఆ 13లో చివరి అంకె కాపలా అంకె. రూలు ఇది: ఎడమ నుంచి 1, 3, 5 ఇలా బేసి స్థానాల్లోని అంకెలు కూడండి. 2, 4, 6 ఇలా సరి స్థానాల్లోనివి కూడి మూడుతో గుణించండి. రెండూ కలిపితే చివర సున్నా రావాలి.

నేను ఊహించి రాసిన ఒక నంబర్ మీద చేద్దాం: 890517264381, దీనికి కాపలా అంకె కావాలి. బేసి స్థానాలు 8, 0, 1, 2, 4, 8, మొత్తం 23. సరి స్థానాలు 9, 5, 7, 6, 3, 1, మొత్తం 31, మూడుతో గుణిస్తే 93. కలిపితే 116. సున్నాతో ముగియాలంటే ఇంకో 4 కావాలి. కాబట్టి పూర్తి నంబర్ 8905172643814, మొత్తం 120.

ఇప్పుడు గుంపులుగా ఆడించండి. ఒక గుంపు తమ ప్యాకెట్ మీద ఒక అంకెని వేలితో మూసి మిగతావి చదువుతుంది, ఇంకో గుంపు మూసిన అంకె చెప్పాలి. మన నంబర్‌లో ఆరో స్థానంలోని 7 మూశామనుకోండి. అది లేకుండా మొత్తం 99. ఇంకా 1తో ముగిసే సంఖ్య ఏదో కలవాలి, అది మూడో ఎక్కంలో ఉండాలి: మూడేళ్లు ఇరవై ఒకటి. కాబట్టి 7.

మూడే ఎందుకు, రెండు ఎందుకు కాదు? ఎక్కాలు రాయించండి. మూడో ఎక్కంలో చివరి అంకెలు 3, 6, 9, 2, 5, 8, 1, 4, 7, 0. పదీ వేరు వేరు. రెండో ఎక్కంలో 2, 4, 6, 8, 0 అయ్యాక మళ్లీ 2, 4, 6 మొదలవుతాయి. రెండుతో గుణిస్తే 1కి, 6కి తేడా తెలియదు. మూడుతో గుణిస్తే ఏ ఒక్క అంకె మారినా కాపలా అరుస్తుంది. ఎక్కాలకి ఇలాంటి ఉపయోగం ఉంటుందని నాకు ఎనిమిదో తరగతిలో ఎవరైనా చూపించి ఉంటే బాగుండేది.

దీన్నీ ఓడించమనండి. మనుషులు నంబర్ రాసేటప్పుడు ఎక్కువగా చేసే ఇంకో పొరపాటు పక్కపక్క అంకెలు తారుమారు చేయడం. మన నంబర్‌లో 5, 1 తారుమారైతే మొత్తం 112, దొరికిపోయింది. 7, 2 తారుమారైతే మొత్తం 110! కాపలా నిద్రపోయింది. రెండు అంకెల మధ్య తేడా సరిగ్గా 5 ఉంటే ఈ పద్ధతి ఎప్పుడూ మోసపోతుంది. ఆధార్ నంబర్‌లో చివరి అంకె కూడా కాపలా అంకెనే, అది వెర్‌హోఫ్ అనే వేరే పద్ధతి, అది ఇలాంటి తారుమార్లను కూడా పట్టుకుంటుంది. కానీ క్లాసులో పిల్లల ఆధార్ నంబర్లు రాయించొద్దు, ప్యాకెట్లు చాలు. జనగామ, మహబూబాబాద్‌లలో స్టేషన్‌కి దగ్గరగా ఉండే పిల్లలైతే ప్లాట్‌ఫాం మీద నిలబడి గూడ్స్ వ్యాగన్ మీది 11 అంకెల నంబర్ రాసుకుని రావొచ్చు. అందులోనూ సరి స్థానాలకి మూడు రెట్లు, పదకొండోది కాపలా అంకె.

మనకోసం, ఇదే పని కోడ్‌లో:

```
s = "8905172643814"
t = sum(int(d) * (1, 3)[i % 2] for i, d in enumerate(s))
print(t % 10 == 0)
```

పిల్లలు పలక మీద చేసింది ఈ మూడు లైన్లే.

నేర్చుకున్నారా లేదా ఎలా తెలుస్తుంది

"అర్థమైందా?" అని అడిగితే క్లాసు మొత్తం "అయిందీ" అంటుంది. దాంతో ఏమీ తెలియదు. మూడు పనులు ఇవ్వండి.

మొదటిది, ఖాళీ నేల మీద గడిని మొత్తం వాళ్లే కట్టాలి. తప్పుని వెతకడం చూసి నేర్చుకోవచ్చు, కాపలాలు పెట్టడం మాత్రం రూలు తెలిస్తేనే వస్తుంది. రెండోది, ఒకే వరుసలో రెండు తప్పులున్న గడి ఇచ్చి, తప్పెక్కడ అని అడగండి. ఏదో ఒక గింజని చూపించే పిల్లవాడు మ్యాజిక్‌ని బట్టీ పట్టాడు. "తప్పు ఉంది, కానీ ఎక్కడో దీంతో చెప్పలేం" అన్నవాడికి పాఠం వచ్చింది. మూడోది, బడికి రాని ఫ్రెండ్‌కి ఈ ఆట చెప్పడానికి వాక్యాలు రాయమనండి, అవి ఇంకో జంటకిచ్చి, రాసింది రాసినట్టే చేయమనండి.

ఈ మూడో పనిలోనే అన్‌ప్లగ్డ్ పాఠాల పరిమితి కూడా కనిపిస్తుంది. "సరి అయ్యేలా పెట్టు" అని సగం రాసినా, ఎదుటి పిల్లవాడు మనిషి కాబట్టి మిగతాది ఊహించుకుని సరిగానే చేసేస్తాడు. ఏ రంగు సరి కావాలి, మూల ఎప్పుడు పెట్టాలి అన్నది రాయకపోయినా ఆట నడిచిపోతుంది. కంప్యూటర్ అలా దయ చూపించదు. ఆ కాఠిన్యం గింజలతో పూర్తిగా రాదు, ఒకరోజు వాళ్లు కీబోర్డ్ ముందు కూర్చున్నప్పుడే వస్తుంది. అప్పటిదాకా మీరే మొండిగా ఉండాలి: రాయనిది చేయకూడదు.

మీరు బడి నుంచి వచ్చేటప్పుడు గింజల సంచి అక్కడే వదిలేసి రండి. మ్యాజిక్‌ని ఓడించే ఐదో రకం ఎవరైనా కనిపెడితే, సుద్దముక్కతో నేల మీద గీసి పెట్టమని చెప్పండి. మళ్లీ వెళ్లినప్పుడు పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.